అమ్మకు పంపని డైరీ

'రాజుగారి భటులు మా ఇంటి తలుపులు పగలగొట్టారు. అమ్మ కాళ్లమీద పడి ఏడుస్తున్నా వినకుండా నన్ను ఈడ్చుకెళ్లారు. ఈరోజు 1916 జులై 1. మొదటి ప్రపంచయుద్ధంలో నేను కందకంలో ఉన్నాను. బాంబులు పడుతున్నాయి. యుద్ధం ఎంత చెడ్డదో ప్రపంచానికి తెలియాలి...'

నాచారంలోని ఓ ప్రైవేటు పాఠశాల. తొమ్మిదో తరగతి అబ్బాయి రాసిన డైరీ ఇలా మొదలైంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. చదివితే కళ్లు చెమర్చేలానూ ఉంది. అయినా సోషల్ టీచరు ఆ మొదటి వాక్యాల కిందే ఎర్రసిరాతో నాలుగు గీతలు గీశారు. పక్కన 'ఎలా తెలుసు?' అని ఒక్క ప్రశ్న రాసి పుస్తకం వెనక్కి ఇచ్చేశారు. తరగతిలో దాదాపు అందరి పుస్తకాల్లోనూ అదే ప్రశ్న!

ఇంతకీ వాళ్లకిచ్చిన పని ఏమిటంటే- నిర్బంధంగా సైన్యంలో చేర్చుకున్న ఓ యువకుడు కందకంలో గడిపిన ఒక్క రోజును డైరీగా రాయాలి. లేఖ, డైరీ, సంభాషణ రాయడం తెలుగు క్లాసులో మామూలే కాబట్టి సోషల్ టీచరూ తెలుగు టీచరూ మాట్లాడుకుని ఇద్దరూ కలిపి ఇచ్చారు. తెలుగు మేడమ్ భాష చూస్తారు, సోషల్ మేడమ్ మనిషిని చూస్తారు. అంటే, రాసింది ఆ సైనికుడేనా లేక అతని చొక్కా తొడుక్కున్న ఉప్పల్ కుర్రాడా అన్నది!

'చరిత్రలో ఎదుటివారి స్థానంలో నిలబడటమంటే వారి బదులు మనం ఏడవడం కాదు' అంటారు ఆ సోషల్ టీచరు. 'ఆ మనిషికి ఆ రోజు ఏం తెలుసో అంతే తెలిసినట్టు ఆలోచించాలి. ఆయనకు తెలియనిదాన్ని మనం మర్చిపోవాలి. పిల్లలకి ఆ మర్చిపోవడమే కష్టం.'

నాలుగు గీతల కథ

మొదటి గీత 'తలుపులు పగలగొట్టారు' కింద. బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది 1916 జనవరిలో. మార్చి 2 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఏడాదిన్నరపాటు స్వచ్ఛందంగా వచ్చినవారితోనే సైన్యాన్ని నింపుకున్నారు. వాళ్లు చాలకపోయేసరికి చట్టం తెచ్చారు. దాని ప్రకారం 18 నుంచి 41 ఏళ్లలోపు పెళ్లికాని మగవాళ్లు సైన్యంలో చేరినట్టే లెక్క. మే నెలకల్లా పెళ్లయినవారినీ కలిపేశారు. 'చేరినట్టే లెక్క' అన్న మాట చూడండి. ఎవరూ వచ్చి తలుపు పగలగొట్టలేదు. చట్టం దృష్టిలో అతను మార్చి 2న తన మంచంమీద నిద్రపోతూనే సైనికుడైపోయాడు. ఆ తర్వాత ఫలానా రోజు ఫలానా చోట హాజరు కావాలంటూ పోస్టులో ఓ కాగితం వచ్చింది. వెళ్లకపోతే అప్పుడొచ్చేవారు పోలీసులు.

'ఆ కాగితం వచ్చిన రోజు అతనేం చేసి ఉంటాడో రాయి. తలుపు పగలగొట్టడంకన్నా అదే భయంగా ఉంటుంది' అని టీచరు చెబితే అబ్బాయికి మొదట నమ్మకం కుదరలేదట. సినిమాల్లో అలా ఉండదు మరి!

అతను అభ్యంతరం చెప్పుకోవచ్చు కూడా. ఊరూరా అందుకోసం విచారణ సంఘాలు పెట్టారు. తల్లికి తానొక్కడే ఆధారమనో, తాను చేసే పని దేశానికి అవసరమనో, యుద్ధం తన మనస్సాక్షికి విరుద్ధమనో వాదించుకోవచ్చు. మనస్సాక్షి పేరుతో కాదన్నవారే దాదాపు 16 వేలమంది. వారిలో జైలుకెళ్లినవారూ ఉన్నారు. అంటే నిర్బంధ సైనికుడి కథలో ఈడ్చుకెళ్లడంకన్నా ముందు మరో ఘట్టం ఉంటుంది. ఊళ్లో పెద్దమనుషులు బల్ల వెనక కూర్చుని 'నువ్వు లేకపోతే మీ అమ్మ నిజంగా బతకలేదా?' అని అడుగుతారు. అతను నిలబడి జవాబు చెప్పాలి.

రెండో గీత తేదీ కింద. 1916 జులై 1న ఫ్రాన్స్‌లోని సోమ్ నది దగ్గర బ్రిటిష్ సైన్యం పెద్ద దాడికి దిగింది. ఆ ఒక్కరోజే దాదాపు 57 వేలమంది చనిపోవడమో గాయపడటమో జరిగింది. ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా కనిపించేది ఆ తేదీయే కాబట్టి తరగతిలో సగంమంది అదే వేశారు. మరి మార్చిలో పిలుపందుకున్నవాడికి తుపాకీ పట్టడం, కవాతు, కందకం తవ్వడం నేర్పడానికే నెలలు పడుతుంది. వేళ్లమీద లెక్కపెట్టినా సరిపోతుంది. జులై 1న ముందు వరసలో ఉన్నవాళ్లు చాలావరకు తమంతట తాము చేరినవారే. చట్టం లాక్కొచ్చిన కుర్రాడు కందకంలో దిగేసరికి శరత్కాలం వచ్చేస్తుంది. అందుకే తేదీ నవంబరుకి జరిగింది. దాంతోపాటే వానలూ, బురదా, చలీ డైరీలోకి వచ్చేశాయి.

మూడోది 'మొదటి ప్రపంచయుద్ధం'. రెండోది వస్తుందని 1916లో ఎవరికి తెలుసు! సైనికులు 'ఈ యుద్ధం' అనుకునేవారు, అంతే. ఇక నాలుగో గీత 'ప్రపంచానికి తెలియాలి' కింద. డైరీ రాసుకునేవాడు ప్రపంచం కోసం రాయడు. పైగా ముందు వరసలో డైరీ రాయడం నిషేధం. శత్రువుకి దొరికితే ఏ దళం ఎక్కడుందో చెప్పేస్తుందని భయం. అయినా చాలామంది దొంగచాటుగా రాశారు, వాటిలో ఎన్నో ఇప్పటికీ ఉన్నాయి. దొంగచాటుగా రాసేవాడు ఉపన్యాసం ఇవ్వడు కదా. చిన్న పెన్సిలుతో, చిన్న అక్షరాలతో, సాక్సులు ఆరలేదనీ రొట్టె రాలేదనీ రాస్తాడు.

సుద్దముక్కతో కందకం

మలివిడత రాయడానికి ముందు టీచరు పిల్లల్ని ఆటస్థలంలోకి తీసుకెళ్లారు. ఉప్పల్ ప్రాంతంలో బడి ఆటస్థలం అంటే ఎంతుంటుందో తెలిసిందే. ఉన్న జాగాలోనే సుద్దముక్కతో కందకం గీశారు. తిన్నగా కాదు. ఏడెనిమిది గజాలకోసారి వంపు తిప్పి మళ్లీ ముందుకు. పైన సుమారు ఆరడుగుల వెడల్పు, అడుగున అందులో సగం. లోతు మాత్రం గోడమీద గీశారు- ఏడడుగులు.

'అన్ని వంపులెందుకు మేడమ్, తవ్వేవాళ్లకి పని పెంచడానికా?' అడిగాడొకడు. తిన్నగా ఉంటే ఒక గుండు పడినప్పుడు దాని ముక్కలు కందకం పొడవునా దూసుకుపోతాయి. శత్రువొకడు లోపలికి దిగినా ఆ చివరినుంచి ఈ చివరిదాకా కాల్చేయగలడు. వంపులుంటే దెబ్బ ఆ ఒక్క గదికే పరిమితం. కానీ దానికో మూల్యం ఉంది. వంపు అవతల ఏం జరుగుతోందో ఇవతలివాడికి కనిపించదు. పక్క గదిలో గుండు పడితే చప్పుడు వినిపిస్తుంది, ఎవరు పోయారో తెలియదు. పిల్లల్ని వంపుకి అటూ ఇటూ నిలబెట్టాక ఆ సంగతి ఒక్క నిమిషంలో అర్థమైంది. యుద్ధమంటే వందలమంది ఒకేసారి కనిపించే దృశ్యమని అప్పటిదాకా అనుకున్నారు. సైనికుడికి కనిపించేది ఎదుట మట్టిగోడ, నెత్తిన ఆకాశం ముక్క, పక్కన ఐదారుగురు మనుషులు.

ఏడడుగుల గోడలోంచి బయటికి చూడటమెలా? అందుకు గోడ వారగా మెట్టులాంటి గట్టు ఉంటుంది. దానిమీద నిలబడితేనే తల అంచుదాకా వస్తుంది. పగలు తల ఎత్తితే అవతల గురిచూసి కూర్చున్నవాడి తూటాకి బలే. కాబట్టి అద్దాలు బిగించిన గొట్టంతోనే చూస్తారు. సూర్యోదయానికి ముందూ సూర్యాస్తమయానికి తర్వాతా మాత్రం అందరూ తుపాకులు పట్టుకుని ఆ గట్టెక్కి నిలబడాల్సిందే. దాడులు ఎక్కువగా ఆ మసక వెలుతురులోనే జరుగుతాయి మరి. ఎక్కువ రోజుల్లో అటువైపు వాళ్లూ అలాగే నిలబడేవారు, ఏమీ జరిగేది కాదు. తర్వాత టీ వచ్చేది. నీళ్లు పెట్రోలు డబ్బాల్లో మోసుకొచ్చేవారు కాబట్టి ఆ టీకి పెట్రోలు వాసన!

ఆ వాసన సంగతి విన్నాక పిల్లల డైరీలన్నిటిలోనూ పెట్రోలు టీ చేరిపోయింది. 'ఒక్క వివరం దొరికితే అందరూ దానిమీదే పడతారు. ఈసారి ఎర్రసిరా దానికే సరిపోయింది' అని నవ్వుతారు టీచరు.

రాత్రి ఎంత పొడవు?

అన్నిటికన్నా మంచి డైరీ రాసింది వెనక బెంచీ అమ్మాయి. వాళ్ల నాన్న నాచారం పారిశ్రామికవాడలో ఓ గోదాము దగ్గర రాత్రి కాపలా ఉంటాడు. ఆ డైరీలో బాంబు ఒక్కటీ పడదు. పహరా కాస్తున్నవాడు గంటలు లెక్కపెట్టుకుంటాడు, అంతే. ఒంటిగంట అయిందనుకుంటే పదకొండున్నరే అవుతుంది. నిద్రపోకుండా బుగ్గ లోపలివైపు కొరుక్కుంటాడు. ముళ్లకంచె దగ్గరున్న గుంజ కాసేపటికి మనిషిలా కనిపిస్తుంది, కదిలినట్టూ ఉంటుంది. కాల్చాలా వద్దా? కాలిస్తే తానెక్కడున్నాడో అటువైపు తెలిసిపోతుంది. కాల్చకపోతే, అది నిజంగా మనిషే అయితే?

'ఇదంతా ఎక్కడ చదివావు?' అంటే 'చదవలేదు మేడమ్. డ్యూటీలో మూడింటప్పుడు గేటు దగ్గరి డ్రమ్ము కూడా మనిషిలాగే కనిపిస్తుందని నాన్న చెప్తుంటాడు' అందట.

ఆమె రాసింది నిజానికి చాలా దగ్గర. కందకంలో పగలు పడుకోవడం, రాత్రి పనిచేయడం రివాజు. తెగిన కంచె కట్టడం, కూలిన గోడ ఎత్తడం, వెనకనుంచి తిండీ నీళ్లూ తూటాలూ మోసుకురావడం- అన్నీ చీకట్లోనే. పహరా సాధారణంగా రెండు గంటలు. పహరాలో నిద్రపోతే సైనిక చట్టం మరణశిక్షదాకా వేయొచ్చు. పారిపోతే సరేసరి. పారిపోవడం, పిరికితనం వంటి నేరాలకింద బ్రిటిష్ సైన్యం ఆ యుద్ధంలో కాల్చిచంపిన తన మనుషుల్లో 306 మందికి 2006లో పార్లమెంటు చట్టం చేసి క్షమాభిక్ష ఇచ్చింది. అంటే తొంభై ఏళ్ల తర్వాత!

ఆ అమ్మాయి డైరీలోనూ ఒక తప్పు ఉంది. రాత్రి ఆరింటికి మొదలై ఉదయం ఆరింటికి ముగిసింది. హైదరాబాద్‌లో ఏ కాలమైనా పగలూ రాత్రీ కాస్త అటూఇటూగా సమానమే. ఉత్తర ఫ్రాన్స్ భూమధ్యరేఖకి చాలా దూరం. నవంబరు నడిమధ్యలో అక్కడ రాత్రి దాదాపు పదిహేను గంటలు. టీచరు గ్లోబు తెచ్చి చూపించారు. అమ్మాయి మళ్లీ రాసుకొచ్చింది. ఈసారి డైరీ రెండు పేజీలు పెరిగింది, పెరిగినదంతా చీకటే.

అలాగని కందకంలో చేరినవాడు నెలలతరబడి అక్కడే ఉండిపోడు. ముందు వరసలో కొద్దిరోజులు, తర్వాత వెనక వరసలో కొద్దిరోజులు, ఆపైన ఊళ్లో విశ్రాంతి- దళాలు వంతులవారీగా మారుతుండేవి. విశ్రాంతిలో ఉన్నప్పుడు స్నానం, ఫుట్‌బాల్, పేల వేట. చొక్కా కుట్ల వెంట కొవ్వొత్తి మంట జరిపితే పేలు చిటపటమని పేలేవి. మళ్లీ ముందుకు వెళ్లే రోజు దగ్గరపడుతుంటే ఎలా ఉంటుంది? ఆదివారం సాయంత్రం హోంవర్కు గుర్తొచ్చినట్టు అని రాశాడొక బాబు. టీచరు దాన్ని కొట్టేయలేదు.

మరి మనవాళ్లు?

ఈ ప్రశ్న రాకుండా ఉండదు. అబ్బాయి మలివిడత రాసినప్పుడు తన సైనికుణ్ని సికింద్రాబాద్ వాడిగా మార్చేశాడు. 'మనవాడైతే బాగా రాయొచ్చు కదా మేడమ్' అన్నది అతని వాదన. అక్కడే అసలు చిక్కు. సికింద్రాబాద్‌నుంచి వెళ్లినవాళ్లు ఉన్నారు. కానీ చట్టం కట్టేసి తీసుకెళ్లినవారు ఎవరూ లేరు.

ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే తార్నాక దాటి కొద్ది నిమిషాల్లో సికింద్రాబాద్. ఆ ఊరి పేరు 1914లోనే ఫ్రాన్స్ కందకాలదాకా వెళ్లింది. సికింద్రాబాద్ అశ్విక బ్రిగేడ్ ఆ ఏడాది అక్టోబరులో ఫ్రాన్స్‌లో దిగింది. అందులో హైదరాబాద్ కంటింజెంట్ వారసత్వమున్న ఇరవయ్యో దక్కన్ హార్స్, ముప్ఫైనాలుగో పూనా హార్స్ అనే భారతీయ దళాలూ, ఒక బ్రిటిష్ దళమూ ఉండేవి. గుర్రాలమీద పోరాడటానికి వచ్చినవాళ్లు. తీరా చూస్తే ముళ్లకంచెలూ మరతుపాకులూ ఉన్నచోట గుర్రానికి పనేముంది! గుర్రాల్ని వెనకే కట్టేసి, కాలినడకన వంతులవారీగా కందకాల్లోకి దిగారు. 1914 నవంబరు, డిసెంబరు నెలల్లో ఫెస్టుబెర్ దగ్గర మంచులో, నీళ్లలో నిలబడ్డారు. మళ్లీ గుర్రమెక్కి దాడి చేసే అవకాశం దక్కన్ హార్స్‌కి 1916 జులై 14న సోమ్ యుద్ధంలో, హైవుడ్ అనే అడవి దగ్గర వచ్చింది. బల్లేలు పట్టుకుని గోధుమ చేలలోంచి దూసుకెళ్లారు. ఆ రాత్రి అక్కడే నిలిచి, తెల్లవారకముందే వెనక్కి రావాల్సి వచ్చింది. బారులు తీరి నిలబడిన దక్కన్ హార్స్ ఫొటో ఆ రోజు తీసిందే.

నిజాం సొంత సైన్యంలోని హైదరాబాద్ లాన్సర్లు మరోవైపు, ఈజిప్టులో సూయజ్ కాలువ కాపలాకీ ఆ తర్వాత పాలస్తీనాకీ వెళ్లారు. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలి ఉంది కదా, అక్కడి మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ అశ్వదళాల గుర్తుగా పెట్టినవే. అయితే ఈ దళాలనిండా తెలుగువాళ్లే ఉన్నారనుకుంటే పొరపాటు. దక్కన్ హార్స్‌లో దక్కనీ ముస్లింలతోపాటు సిక్కులూ జాట్లూ ఉండేవారు. దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారన్న అభిప్రాయం అంతకు ముందే బ్రిటిష్ సైన్యంలో పాతుకుపోయింది. 1880ల్లో మద్రాసు సైన్యానికి అధిపతిగా పనిచేసిన రాబర్ట్స్ ఆ వాదానికి పెద్ద సమర్థకుడు.

మొత్తంమీద ఆ యుద్ధంలో భారతదేశంనుంచి విదేశాలకెళ్లినవారిని సుమారు పది లక్షలకు పైగా లెక్కగట్టారు. 74 వేలమంది దాకా తిరిగిరాలేదు. ఇక్కడ నిర్బంధ సైనిక సేవ చట్టం భారతీయులకు ఎప్పుడూ పెట్టలేదు. ఒక విచిత్రమేమిటంటే, 1917లో చేసిన ఓ చట్టం మాత్రం ఇక్కడున్న యూరోపియన్ బ్రిటిష్ వాళ్లను తప్పనిసరిగా సైనిక శిక్షణకు రమ్మంది! మరి భారతీయులంతా ఇష్టపడే వెళ్లారా? అదీ కాదు. జీతం కోసం, పింఛను కోసం, భూమి ఇస్తారన్న ఆశతో వెళ్లినవారే ఎక్కువ. యుద్ధం చివరి ఏళ్లలో పంజాబ్‌లాంటి చోట్ల ఊరికింతమంది అని లెక్క కట్టి, అధికారులూ పెద్దలూ ఒత్తిడి చేసి పంపారు. కాగితంమీద 'స్వచ్ఛందం', గడప దగ్గర నిర్బంధం.

'ఈ తేడా రాయగలిగితే సికింద్రాబాద్ వాడిగానే రాయి. లేకపోతే ఇంగ్లండు కుర్రాడిగా రాయి. రెండూ కలిపేయకు' అని టీచరు తేల్చి చెప్పారు. సికింద్రాబాద్ వాడైతే ఇంకో చిక్కూ ఉంది. సిపాయిల్లో చాలామందికి చదువురాదు. డైరీ ఎక్కణ్నుంచి వస్తుంది? చదువొచ్చినవాడి దగ్గర కూర్చుని ఉత్తరం చెప్పి రాయించుకునేవారు. ఆ ఉత్తరాల్ని సైన్యంలో తనిఖీ విభాగం చదివేది. చదువుతారని తెలుసు కాబట్టి సిపాయిలు భారతీయుల్ని నల్లమిరియాలనీ, తెల్లవాళ్లని ఎర్రమిరపకాయలనీ మారుపేర్లతో రాయించేవారు. తనిఖీదారులు నకళ్లు తీసి పెట్టబట్టే అవి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో చదవడానికి దొరుకుతున్నాయి.

తాతయ్య చెప్పిన తేడా

అబ్బాయి ఇల్లు ఉప్పల్ చిలకానగర్‌లో. పక్కింటి తాతయ్య సైన్యంలో పనిచేసి రిటైరయ్యారు. కశ్మీర్‌లో మంచుకొండలమీద పోస్టు కాసిన మనిషి. డైరీ పట్టుకెళ్లి చూపిస్తే ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

'అంతా బాగుంది గానీ నాయనా, వీడి కాళ్లేవి?' అన్నారు.

అబ్బాయికి అర్థంకాలేదు.

'తడిసిన సాక్సుల్లో మూడు రోజులుంటే నీకు దేశమూ గుర్తురాదు, శత్రువూ గుర్తురాడు. కాళ్లే గుర్తొస్తాయి.'

ఆయన మాటకి చరిత్రలో ఆధారముంది. చల్లటి నీళ్లలో రోజులతరబడి నిలబడితే పాదాలకు రక్తం సరిగా అందక మొద్దుబారి, ఉబ్బి, నల్లబడి చివరికి కుళ్లిపోతాయి. గడ్డకట్టే చలి అక్కర్లేదు, తడీ కదలికలేకపోవడమూ చాలు. మొదటి చలికాలంలో బ్రిటిష్ సైన్యంలో వేలమంది ఇలాగే పనికిరాకుండా పోయారు. ఆ తర్వాతే పద్ధతి పెట్టారు. పొడి సాక్సులు మార్చుకోవాలి. పాదాలకు తిమింగలం నూనె రాయాలి. ఎవరి కాళ్లు వాళ్లు చూసుకుంటే బద్ధకిస్తారని ఇద్దరిద్దర్ని జతచేసి ఒకడి కాళ్లు మరొకడు రుద్దాలన్నారు. అధికారి వచ్చి పాదాలు తనిఖీ చేసేవాడు.

తాతయ్య ఇంకో మాటా అన్నారు. 'మేం ఇష్టపడి చేరాం. కష్టమొస్తే, కోరి వచ్చాం కదా అనుకునేవాళ్లం. వీడికి ఆ మాట లేదు. పక్కనున్నవాడు కోరి వచ్చినవాడైతే వీణ్ని ఏమంటాడో అది రాయి.'

అబ్బాయి ఆ వారమంతా కూర్చుని మూడోసారి రాశాడు. లీడ్స్ నగరంలో బట్టల దుకాణంలో గుమాస్తా. వయసు 22. తండ్రి లేడు. ఆ డైరీ ఇదీ:

'నవంబరు 12, 1916. ఆదివారం. అని పక్కవాడు చెప్పాడు, నాకు తెలియలేదు.

తెల్లారి గట్టెక్కి నిలబడ్డాం. ఏమీ కనిపించలేదు, పొగమంచు. దిగాక రొట్టె వచ్చింది. నలుగురికి ఒకటి. రాత్రి మోసుకొచ్చేవాళ్లు ఎక్కడో బురదలో పడిపోయారట, సగం బస్తా పోయింది. రొట్టె పోయిందని అందరూ తిట్టారు. మోసుకొచ్చినవాళ్లలో ఒకడు రాలేదని తర్వాత తెలిసింది. అప్పుడు తిట్టడం ఆపారు.

మధ్యాహ్నం హారీ నా కాళ్లు రుద్దాడు, నేను వాడివి రుద్దాను. హారీ 1914లోనే చేరాడు. నా ఎడమకాలి వేళ్లమీద చెయ్యి పెడితే నాకు తెలియలేదు. వాడు నా మొహంలోకి చూసి ఇంకా గట్టిగా రుద్దాడు. మొదటివారం వాడు నన్ను "పోస్టులో వచ్చినవాడు" అని పిలిచేవాడు. ఇప్పుడలా అనడంలేదు. ఎందుకు మానేశాడో అడగలేదు.

ఆ బల్ల వెనక కూర్చున్న పెద్దమనిషి మా దుకాణానికి వచ్చేవాడు. చేతిగుడ్డలు కొనేవాడు. అమ్మకి నేనొక్కణ్నే అని చెప్పాను. అమ్మకి కుట్టుపని వచ్చా అని అడిగాడు. వచ్చు అన్నాను. నేను అబద్ధం చెప్పాల్సింది. రోజూ అదే అనుకుంటున్నాను. వచ్చు అని ఎందుకన్నాను?

చీకటి పడింది. ఇంకా నాలుగున్నరే. ఆరింటికి నా పహరా. పెన్సిలు అయిపోతోంది.'

తరగతిలో ఇది చదివినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదట. కాసేపటికి ఒకమ్మాయి 'అతను బతికాడా మేడమ్?' అని అడిగింది. టీచరు జవాబు చెప్పలేదు. డైరీ రాసిన రోజున అతనికీ తెలియదు కాబట్టి.

ఇలాంటి అభ్యాసాలమీద విమర్శ లేకపోలేదు. ఇంగ్లండులోనే 1980ల్లో పరీక్షల్లో ఇలాంటి ప్రశ్నలు పెడితే, చరిత్ర పోయి కట్టుకథలు మిగులుతున్నాయని గొడవైంది. పిల్లల ఊహకు మార్కులెలా వేస్తారన్నారు. ఆ మాటలో నిజముంది. చక్కని భాష రాసేవాడికి ఎక్కువ మార్కులు పడిపోయే ప్రమాదమూ ఉంది. ఈ టీచరు అందుకే పదిలో ఆరు మార్కులు 'ఎలా తెలుసు?'కే పెట్టారు. తాను రాసిన ప్రతి సంగతీ ఎక్కణ్నుంచి తెచ్చుకున్నదో విద్యార్థి చెప్పగలగాలి. చెప్పలేకపోతే కొట్టేయాలి. లీడ్స్ గుమాస్తా డైరీలో 'రొట్టె నలుగురికి ఒకటి' అన్నది చెప్పగలిగాడు, హారీ నోట వచ్చిన వెటకారం తాతయ్య సలహా అన్నాడు. తల్లికి కుట్టుపని వచ్చా అన్న ప్రశ్న మాత్రం ఎక్కడ దొరికిందో చెప్పలేదు. వాళ్లమ్మ ఇంట్లో మిషన్ కుడుతుంది. టీచరుకి ఆ సంగతి తెలుసు. మార్కు తగ్గించలేదు.

ఓ పోస్టుకార్డు

డైరీకి తోడుగా మరో పని కూడా ఇచ్చారు టీచరు. అదే రోజు అదే సైనికుడు ఇంటికి కార్డు రాయాలి. బ్రిటిష్ సైన్యం ముందు వరసలో ఉన్నవారికి అచ్చువేసిన కార్డులిచ్చేది. అందులో వాక్యాలు ముందే ఉంటాయి. 'నేను క్షేమం', 'ఆసుపత్రిలో చేరాను', 'మీ ఉత్తరం అందింది', 'వీలైనప్పుడు ఉత్తరం రాస్తాను'... ఇలాంటివి. పనికిరానివి కొట్టేసి, తేదీ వేసి సంతకం చేయాలి. సొంతంగా ఒక్క మాట రాసినా కార్డు చింపేస్తారు. తనిఖీ చేసేవారికి పని తగ్గుతుంది, ఇంట్లోవాళ్లకి మనిషి బతికున్నాడని తెలుస్తుంది.

అబ్బాయి అట్టముక్కమీద ఆ వాక్యాలన్నీ తెలుగులో రాసుకున్నాడు. స్కేలు పెట్టి ఒక్కొక్కటీ కొట్టేశాడు. చివరికి 'నేను క్షేమం' ఒక్కటే మిగిలింది. ఇంటికి తీసుకొచ్చి మిషన్ దగ్గరున్న అమ్మ చేతికిచ్చాడు. డైరీ ఆమె అప్పటికే చదివింది. కార్డు అటూఇటూ తిప్పి చూసింది.

'ఇంతేనా? కాలి సంగతి రాయలేదేంరా?'

'రాస్తే చింపేస్తారమ్మా.'